యాత్ర బస్సులో పెద్దవాళ్ళకి మోషన్ ఆగిపోకుండా, ఒంట్లో నీళ్ళు తగ్గకుండా: పది రోజుల ముందు నుంచి చేయాల్సిన ప్లాన్

"మా అమ్మని నాలుగైదు రోజుల బస్సు యాత్రకి పంపుతున్నాం, పోయినసారి మూడు రోజులు మోషన్ అవ్వక నరకం చూసింది, ఈసారి ఏం ఇచ్చి పంపాలి" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందరూ ఏదో ఒక మాత్ర పేరు చెప్తానేమో అని చూస్తారు. మాత్ర గురించీ చెప్తాను కానీ అది చివర్లో.

నేను నర్సుని. ప్రతి ఏడాదీ మా పెద్దవాళ్ళ గ్రూపుతో ఒక యాత్రకి తోడుగా వెళ్తాను. ఇన్నిసార్లు వెళ్ళాక నాకు అర్థమైందేంటంటే ఇది కడుపుతో మొదలయ్యే సమస్య కాదు, బాత్రూం భయంతో మొదలవుతుంది. దారిలో బస్సు ఆపరేమో, ఆపినా అక్కడ బాత్రూం ఎలా ఉంటుందో, నా ఒక్కదాని కోసం నలభై మంది ఆగాలి కదా అని నీళ్ళు తాగడం మానేస్తారు. నీళ్ళు తగ్గితే పెద్దపేగు మలంలో ఉన్న నీటిని కూడా లాగేసుకుంటుంది, అది గట్టిపడుతుంది. మోషన్ అవ్వకపోతే కడుపు బరువుగా ఉండి తినబుద్ధి కాదు, తినకపోతే పేగు ఇంకా కదలదు, షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళకైతే మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి. అన్నీ ఒకే గొలుసు. అందుకే ఒక్క మలబద్ధకానికే మందు వేస్తే పని అవ్వదు.

ఈ గైడ్ మొత్తం మా పెద్దమ్మ కేసు పెట్టుకుని చెప్తాను. ఆవిడకి 68, బీపీ ఉంది, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పి. ఇంట్లో పొద్దున ఐదున్నరకి లేస్తుంది, టీ తాగిన పావుగంటకి మోషన్ అవుతుంది, గడియారం లాగా. యాత్రలో బస్సు ఐదున్నరకే బయల్దేరుతుంది. సమస్య ఎక్కడుందో కనిపించింది కదా.

## 1. పది రోజుల ముందు: పొద్దున లేచే టైం జరపడం

మన పెద్దపేగు రాత్రంతా దాదాపు పడుకుని, లేవగానే ఒకసారి, ఏదన్నా తిన్నాకో వేడిగా తాగాకో ఇంకోసారి గట్టిగా కదులుతుంది. పొద్దున ఆ మొదటి అరగంట, నలభై నిమిషాలే చాలామంది పెద్దవాళ్ళకి రోజు మొత్తంలో మంచి ఛాన్స్. ఆ టైంలో బస్సు సీట్లో కూర్చుని ఉంటే వచ్చిన ప్రెషర్‌ని ఆపుకోవాల్సి వస్తుంది. ఆపుకుంటే ఆ ఫీలింగ్ కాసేపటికి పోతుంది, మలం మాత్రం అక్కడే ఉండి ఇంకా ఎండిపోతుంది. రెండు రోజులు ఇలా జరిగితే మూడో రోజు ప్రెషర్ రావడమే తగ్గిపోతుంది.

అందుకని బస్సు టైం కనుక్కుని కనీసం గంటా పావు ముందు లేవడం ఇంట్లోనే అలవాటు చేయాలి. పెద్దమ్మ ఐదున్నర నుంచి నాలుగుంపావుకి రావాలి, అంటే 75 నిమిషాలు. రెండు రోజులకి ఒకసారి 15 నిమిషాలు ముందుకి జరిపాం, పది రోజుల్లో సరిపోయింది. రాత్రి పడుకోవడం కూడా అంతే ముందుకి జరపాలి, లేకపోతే నిద్ర తగ్గి ఇంకో సమస్య.

లేచాక చేసేది ప్రతిరోజూ ఒకే వరసలో ఉండాలి:

- లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు, సుమారు 250 మిల్లీలీటర్లు
- ఇంట్లో అటూ ఇటూ ఐదు నిమిషాలు నడక
- వేడి టీనో కాఫీనో, దాంతో పాటు ఏదన్నా చిన్నగా తినడం
- ప్రెషర్ వచ్చినా రాకపోయినా పది నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోవడం, ముక్కకుండా

ఆ చివరిది మాత్రం వదలొద్దు. మొదటి నాలుగైదు రోజులు ఏమీ అవ్వకపోవచ్చు, పెద్దమ్మకి ఆరో రోజు కొత్త టైంకి అయింది. అక్కడ కూర్చుని ఫోన్ చూస్తూ అరగంట గడిపితే మాత్రం మొలలు ఉన్నవాళ్ళకి ఇబ్బంది, పదే నిమిషాలు.

కూర్చునే పద్ధతి కూడా చెప్తాను. వెస్ట్రన్ టాయిలెట్ అయితే కాళ్ళ కింద చిన్న పీట పెట్టుకుంటే మోకాళ్ళు నడుం కంటే పైకి వస్తాయి, కాస్త ముందుకి వంగి కూర్చుంటే మలం దిగే దారి నిటారుగా అవుతుంది, ముక్కాల్సిన పని తగ్గుతుంది. యాత్రలో రూంలో పీట ఉండదు కాబట్టి మేం మడత పెట్టే చిన్న స్టూల్ ఒకటి పట్టుకెళ్తాం. తడి బాత్రూంలో బకెట్ బోర్లించి దానిమీద కాళ్ళు పెట్టే ఐడియా వద్దు, జారి పడ్డవాళ్ళని వార్డులో చూశాను.

## 2. వారం ముందు: పీచు పెంచాలి, కానీ నెమ్మదిగా

బయల్దేరే ముందురోజు ఒక్కసారిగా బోలెడు పళ్ళు తినిపించి పంపేవాళ్ళు ఉంటారు. అలా చేస్తే బస్సులో గ్యాస్, కడుపు ఉబ్బరం తప్ప ఇంకేం రాదు. పీచు వారం ముందు మొదలుపెట్టి రోజుకి కొంచెం పెంచాలి. రోజుకి ఒక పండు తినేవాళ్ళు రెండు చేసుకోండి, ఇంకో పూట కూర కాస్త ఎక్కువ వడ్డించుకోండి, అంతే.

ఇసబ్‌గోల్ వాడదామనుకుంటే అది కూడా ఇంట్లోనే మొదలుపెట్టాలి, బస్సులో కాదు. దీని పని నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తగా చేయడం. అంటే నీళ్ళు లేకపోతే ఇది ఉల్టా పని చేస్తుంది, గట్టి ముద్దై అడ్డం పడుతుంది. ఒక చెంచా నిండు గ్లాసు నీళ్ళలో కలిపి, చిక్కబడే లోపే తాగేసి, పైన ఇంకో అర గ్లాసు తాగాలి. పనిచేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వేరే మాత్రలకీ దీనికీ మధ్య రెండు గంటలు గ్యాప్ ఉంచండి, లేకపోతే ఆ మాత్రలు ఒంటికి సరిగా అందకపోవచ్చు. మింగడం కష్టమైనవాళ్ళకి, ఇంతకుముందు పేగుకి అడ్డం పడిన చరిత్ర ఉన్నవాళ్ళకి ఇది వద్దు.

నా రూల్ ఒకటే, యాత్రలో ఆ రోజు నీళ్ళు సరిగా తాగలేకపోతే ఆ రోజు ఇసబ్‌గోల్ మానేయాలి.

## 3. వారం ముందే: మాత్రల డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికి

ఈ స్టెప్ చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మాత్రలన్నీ, పాత చీటీతో సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్ళి అడగండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకూడదు, కానీ అడక్కపోతే డాక్టరు గారికి మీరు ఐదు రోజులు బస్సులో ఉంటారని ఎలా తెలుస్తుంది.

అడగాల్సినవి ఇవి:

- బీపీ మాత్రలో యూరిన్ ఎక్కువ పోయించేది కలిసి ఉందా, ఉంటే బస్సు రోజుల్లో ఏ టైంకి వేసుకోవాలి
- షుగర్ మాత్రల్లో తిండి లేటయితే షుగర్ పడగొట్టేది ఏది
- వాంతులో విరేచనాలో పట్టుకుంటే తాత్కాలికంగా ఆపాల్సిన మాత్రలు ఏవి
- మలబద్ధకం తెచ్చే మాత్ర ఏదన్నా ఉందా
- రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చు
- మోషన్ అవ్వకపోతే నాకు ఏ మందు సేఫ్

మలబద్ధకం తెచ్చేవాటిలో ఐరన్, కాల్షియం మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని నిద్ర, నరాల మాత్రలు ఉంటాయి. ఐరన్, కాల్షియం లాంటివి ఆ ఐదు రోజులు ఆపొచ్చని డాక్టర్లు చెప్పడం మామూలే.

ఇంకోటి ఎవరూ అనుమానించనిది, బస్సులో వాంతులు రాకుండా వేసుకునే మాత్ర. చాలావరకు ఇవి నిద్ర తెప్పించే రకం, నోరు ఎండబెడతాయి, పేగు కదలికని తగ్గిస్తాయి. ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్ళకి యూరిన్ బిగిసిపోవచ్చు కూడా. పొద్దున్నే అందరికీ ఒక స్ట్రిప్ పంచేసే మహానుభావులు ప్రతి బస్సులో ఒకరు ఉంటారు, వాళ్ళ దగ్గర తీసుకోకండి.

గుండె బలహీనంగా ఉండి కాళ్ళవాపు వచ్చేవాళ్ళకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి నీళ్ళ లిమిట్ ఉంటుంది. కింద నేను రాసే నీళ్ళ లెక్క వాళ్ళకి వర్తించదు, డాక్టర్ చెప్పినంతే.

## 4. బుక్ చేసే ముందు: ట్రావెల్స్ వాళ్ళని అడగాల్సినవి

ఏసీ ఉందా, పుష్‌బ్యాక్ సీట్లా అని అడుగుతాం కానీ అసలు అడగాల్సినవి వేరే.

- ఎన్ని గంటలకోసారి బస్సు ఆపుతారు (రెండు, రెండున్నర గంటలు మించొద్దు)
- ఆపే చోట బాత్రూం ఉంటుందా, ఊరికే రోడ్డు పక్కనా
- రూంలో ఒక టాయిలెట్‌కి ఎంతమంది
- పొద్దున రూం ఖాళీ చేసే టైం, బస్సు కదిలే టైం మధ్య ఎంత గ్యాప్
- తిండి టైం లేటయ్యే రోజు ఏది

ఒక టాయిలెట్‌కి ఆరుగురు అంటే ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకున్నా గంట. మేం మొదటి రాత్రే కాగితం మీద టైం రాసి తలుపుకి అంటిస్తాం, స్లోగా అయ్యేవాళ్ళకి ముందు స్లాట్. బయట ఎవరో తలుపు కొడుతుంటే ఎవరికి మాత్రం అవుతుంది చెప్పండి.

సీటు నడవా పక్కది, ముందు వైపుది అడగండి. కిటికీ పక్కన కూర్చున్నావిడ పక్కవాళ్ళని లేపడానికి మొహమాటపడి నీళ్ళు మానేస్తుంది, నేను కళ్ళారా చూసిందే. దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ అయ్యేవాళ్ళు పెద్దవాళ్ళ డైపర్ ప్యాంట్ వేసుకోవడానికి సిగ్గుపడొద్దు. వేసుకున్నా అది తడవకపోవచ్చు, కానీ ఉందన్న ధైర్యంతో నీళ్ళు తాగుతారు, మనకి కావాల్సింది అదే.

## 5. బ్యాగ్ చెక్‌లిస్ట్

ఇది పైన లగేజీలో పడేసే బ్యాగ్ కాదు, ఒళ్ళో ఉండే చిన్న బ్యాగ్.

- గీతలున్న వాటర్ బాటిల్, ఒక లీటరుది (ఎంత తాగారో కనిపించాలి)
- ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు 4
- గ్లూకోజ్ పొడి, ఒక్కోటి 15 గ్రాములు తూచి కట్టిన పొట్లాలు 4, ఇంకా షుగర్ చూసే మిషన్
- ఎండు ద్రాక్ష, పల్లీలు లాంటివి చిన్న డబ్బాలో, రోజుకి రెండు పళ్ళు
- డాక్టర్ చెప్పిన మోషన్ మందు, మలద్వారంలో పెట్టుకునే గ్లిజరిన్ సపోజిటరీలు 2
- మాత్రలు రోజువారీ డబ్బాలో, రెండు రోజులకి ఎక్స్‌ట్రా
- సబ్బు, టిష్యూ, చిన్న టార్చ్, రబ్బరు చెప్పులు
- మాత్రల లిస్టు, జబ్బుల పేర్లు, ఇంటివాళ్ళ నంబరు రాసిన కాగితం

గ్లిజరిన్ సపోజిటరీ వేడికి కరిగిపోతుంది. కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టకండి, బట్టల మధ్యలో చుట్టి పెట్టండి.

## 6. బస్సు రోజు నీళ్ళ లెక్క

వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలియదు, కిడ్నీ కూడా నీటిని పట్టి ఉంచడం తగ్గిపోతుంది. అంటే "దాహం వేస్తే తాగుతానులే" అనే మాట పెద్దవాళ్ళ విషయంలో పనిచేయదు. గడియారం చూసి తాగాలి.

రెండో విషయం, ఒకేసారి అర లీటరు తాగితే అందులో చాలావరకు త్వరగానే యూరిన్‌గా బయటికి పోతుంది, ఒంట్లో పెద్దగా నిలవదు. గుటక గుటకగా తాగితే బాత్రూం తొందర తక్కువ, ఒంటికి పట్టేది ఎక్కువ. అందుకే పెద్ద గ్లాసులన్నీ బస్సు ఆగే టైంకి, బస్సులో ఉన్నప్పుడు గుటకలు మాత్రమే. పెద్దమ్మకి మిల్లీలీటర్లలో ఇలా రాసిచ్చాం:

- 4:15 లేవగానే గోరువెచ్చని నీళ్ళు 250, తర్వాత టీ 100
- 5:30 నుంచి 8:00 వరకు బస్సులో గుటకలుగా 150
- 8:00 టిఫిన్ దగ్గర 250
- 8:30 నుంచి 11:30 వరకు బస్సులో, మధ్యలో ఆగే స్టాప్‌తో కలిపి 200
- 11:30 దిగాక బాత్రూంకి వెళ్ళొచ్చి 150, తర్వాత క్యూలో 200
- 2:30 భోజనం దగ్గర 250
- 3:00 నుంచి 6:00 వరకు బస్సులో, మధ్యలో ఆగే స్టాప్‌తో కలిపి 150
- 6:30 రూంకి చేరాక 250
- రాత్రి భోజనంతో 100

మొత్తం రెండు లీటర్లకి కాస్త అటూ ఇటూ. రాత్రి ఎనిమిది తర్వాత మాత్రలకి సరిపడా మాత్రమే, లేకపోతే తెలియని రూంలో చీకట్లో లేచి పడే ప్రమాదం. టీ, కాఫీ, మజ్జిగ, పలచటి పప్పు అన్నీ లెక్కలోకే వస్తాయి, టీ తాగితే నీళ్ళన్నీ పోతాయనేది నిజం కాదు.

సరిపోతున్నాయా లేదా తెలుసుకోవడం ఎలా. యూరిన్ రంగు చూడండి. లేత పసుపు అయితే ఓకే, ముదురు పసుపు, గోధుమ రంగు అయితే తగ్గాయి. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకునేవాళ్ళకి ఎలాగూ ముదురు పసుపుగానే వస్తుంది కాబట్టి వాళ్ళు రంగు కాదు, ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కపెట్టాలి, ఆరు గంటలు దాటి వెళ్ళకపోతే అనుమానించాలి. చర్మం గిల్లి చూసే టెస్ట్ పెద్దవాళ్ళలో నమ్మడానికి లేదు, వయసు వల్లే చర్మం వదులుగా ఉంటుంది. నాలుక ఎండిపోవడం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, మామూలుగా బాగా మాట్లాడే మనిషి తికమకగా మాట్లాడటం, ఇవి అసలు గుర్తులు.

ఓఆర్ఎస్ ఎప్పుడు. వాంతులు, విరేచనాలు, ఎండలో బాగా చెమట పట్టినప్పుడు. ఊరికే డ్రింకు లాగా రోజంతా తాగేది కాదు, అందులో ఉప్పు ఉంటుంది, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్త. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపాలి, అర ప్యాకెట్ గ్లాసులో కలపడం తప్పు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

రోజంతా నీళ్ళు తాగకుండా ఉండి రాత్రి గుర్తొచ్చి ఒకేసారి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు తాగడం కూడా మంచిది కాదు. యూరిన్ పోయించే బీపీ మాత్ర వాడేవాళ్ళలో సోడియం పడిపోయి మనిషి మత్తుగా అయిపోవచ్చు. పగలు తప్పింది అంటే రాత్రి గ్లాసున్నర, మిగతాది మర్నాడు పొద్దున.

## 7. తిండి లేటయినప్పుడు

పెద్దమ్మ మొదటి యాత్రలో జరిగింది చెప్తాను. ఆ రోజు టిఫిన్ ఏడున్నరకి అన్నారు. ఆవిడ ఇంట్లో లాగే ఏడుకి గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంది. బస్సు ఎక్కడో ఆగిపోయి టిఫిన్ పదిన్నరకి వచ్చింది. తొమ్మిదిన్నరకి ఆవిడ చేతులు వణుకుతున్నాయి, చెమట, చీర కొంగు తీసి మళ్ళీ మళ్ళీ మడతపెడుతోంది, "నా సంచి ఏది" అని ఒళ్ళోనే సంచి పెట్టుకుని అడుగుతోంది. పక్కావిడ ఎండకి అలా ఉందనుకుని విసురుతూ కూర్చుంది. షుగర్ చూస్తే 58.

ఆ రోజు నుంచి మా గ్రూపులో ఒక రూల్, పళ్ళెం చేతికొచ్చాకే ఆ మాత్ర. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ ఇలా తిండికి ముడిపడి ఉంటాయి, మీది ఏ రకమో, టైం ఎంతవరకు జరపొచ్చో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి.

షుగర్ 70 కంటే తగ్గితే:

1. 15 గ్రాముల గ్లూకోజ్ పొట్లం నీళ్ళలో కలిపి తాగించండి
2. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి, ఇంకా 70 లోపే ఉంటే ఇంకో పొట్లం
3. సర్దుకున్నాక తప్పకుండా ఏదన్నా తినిపించండి
4. మింగలేని స్థితిలో, స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే హాస్పిటల్

పంచదార పెట్టుకోవచ్చు కదా, గ్లూకోజే ఎందుకు అంటారు. వోగ్లిబోస్, అకార్‌బోస్ అనే మాత్రలు వాడేవాళ్ళలో పంచదార అరిగి గ్లూకోజ్‌గా మారడమే నెమ్మదిస్తుంది, అది ఈ మాత్రల పనే. వాళ్ళకి నేరుగా గ్లూకోజ్ అయితేనే త్వరగా పనిచేస్తుంది. బస్సులో ఎవరి మాత్ర ఏదో గుర్తుండదు కాబట్టి అందరికీ గ్లూకోజే పెట్టుకోవడం తేలిక.

షుగర్ లేనివాళ్ళకి కూడా తిండి టైం తప్పితే నష్టం ఉంది. తినగానే పేగు కదులుతుంది అని పైన చెప్పాను కదా, పొద్దున ఏమీ తినకుండా బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా నెట్టేస్తే ఆ కదలికే ఉండదు, బిస్కెట్లో పీచు కూడా లేదు. టిఫిన్ లేటవుతుందనుకుంటే ఆరున్నరకి ఒక పండు, గుప్పెడు పల్లీలు తినేయండి. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదు అని పెట్టుకున్నవాళ్ళు ఆ విషయం డాక్టర్‌కి చెప్పి మాత్రల టైం మార్పించుకోండి, చెప్పకుండా ఉపవాసం ఉండి మాత్ర వేసుకోవడమే అసలు డేంజర్.

## 8. సీట్లో కూర్చున్నప్పుడు

దీనికి పెద్దగా చెప్పేదేం లేదు. అరగంటకోసారి పాదాలు పైకీ కిందకీ పదిహేను సార్లు ఆడించండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే రిస్క్ తగ్గుతుంది. బస్సు ఆగిన ప్రతిసారీ బాత్రూం అవసరం లేకపోయినా దిగి ఐదు నిమిషాలు నడవండి. ఒక కాలే వాచి, పిక్క నొప్పి పుడితే దాన్ని పిసకొద్దు, నడిచి నడిచి వచ్చిన నొప్పి అనుకోవద్దు, డాక్టర్‌కి చూపించాలి.

## 9. మోషన్ అవ్వకపోతే ఏ రోజు ఏం చేయాలి

ఒక్కరోజు అవ్వకపోతే ఏమీ చేయకండి. రోజూ అయ్యేవాళ్ళకి ప్రయాణంలో ఒకరోజు తప్పడం మామూలే, దానికి కంగారుపడి మందు మింగితే మర్నాడు బస్సులో అసలు సినిమా మొదలవుతుంది.

రెండో రోజు సాయంత్రం. నీళ్ళు సరిగా వెళ్ళాయా చూసుకోండి. డాక్టర్ ఓకే అన్నవాళ్ళు రాత్రి లాక్టులోజ్ సిరప్ 15 మిల్లీలీటర్లు తీసుకోవచ్చు. అది పేగులోకి నీటిని లాగి మెత్తబరుస్తుంది, కానీ ఒకటి రెండు రోజులు పడుతుంది, రాత్రి తాగి పొద్దున్నే అవ్వలేదని ఇంకో డోసు వేసేయకండి. గ్యాస్ కొంచెం వస్తుంది. అంతకుముందు ఎప్పుడూ వాడని మందు యాత్రలో మొదటిసారి వాడొద్దు, ఇంట్లో ఒకసారి ట్రై చేసి చూడండి.

మూడో రోజు పొద్దున. రూంలో గంట టైం ఉంటేనే గ్లిజరిన్ సపోజిటరీ. ఎడమ పక్కకి పడుకుని, సన్నగా ఉన్న వైపు ముందుగా లోపలికి వేలి కణుపంత పెట్టి, పావుగంట ఆపుకుని అప్పుడు వెళ్ళాలి. పావుగంట నుంచి గంటలో పనిచేస్తుంది. పెట్టిన వెంటనే బయటికి వచ్చేస్తే అది పనిచేయనట్టు.

బిసాకోడిల్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. ఇది రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల తర్వాత పనిచేస్తుంది. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే తెల్లవారుజామున మూడు నుంచి పొద్దున తొమ్మిది మధ్య ఎప్పుడైనా, అంటే సగం టైం బస్సులో. మర్నాడు రూంలోనే ఉండే రోజు అయితేనే, అదీ డాక్టర్ చెప్తేనే. పాలతో, గ్యాస్ సిరప్‌తో కలిపి వేసుకోకూడదు, పైన పూత ముందే కరిగి కడుపులో మెలిపెడుతుంది.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు

బయల్దేరే ముందురోజు కడుపు ఖాళీ చేయిద్దామని గట్టి విరేచనాల మందు. నీళ్ళు, ఉప్పులు పోయి మొదటిరోజే నీరసం. ఆ తర్వాత రెండు మూడు రోజులు పేగులో ఏమీ ఉండదు కాబట్టి మోషన్ రాదు, "మళ్ళీ అవ్వలేదు" అని ఇంకో డోసు.

నీళ్ళ విరేచనాలు అనుకుని ఆపే మాత్ర వేయడం. ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఒకసారి మా బస్సులో ఒక పెద్దాయన, నాలుగో రోజు, "లూజ్ మోషన్స్ అవుతున్నాయమ్మా, కొంచెం కొంచెం లీక్ అవుతోంది" అన్నాడు. ఎవరో అప్పటికే ఆపే మాత్ర తీసి చేతిలో పెట్టారు. అంతకుముందు ఎప్పుడు అయింది అని అడిగితే బయల్దేరిన రోజు పొద్దున, తర్వాత లేదు. పొట్ట కింద గట్టిగా ఉంది. కింద గట్టి ముద్ద అడ్డంపడి, పైనుంచి పలచటిది దాని పక్కనుంచి జారుతోంది, అంటే అది విరేచనం కాదు, మలబద్ధకమే ముదిరింది. ఆ మాత్ర వేసుంటే ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోయేది. దగ్గర్లో హాస్పిటల్‌కి తీసుకెళ్తే ఎనిమా ఇచ్చి క్లియర్ చేశారు. కాబట్టి మూడు రోజులు అవ్వకుండా ఉండి ఒక్కసారిగా పలచగా కొంచెం కొంచెం కారుతుంటే ఆపే మాత్ర జోలికి వెళ్ళొద్దు.

గట్టిగా ముక్కడం. బీపీ మాత్ర వేసుకుని, నీళ్ళు తగ్గి ఉన్న మనిషి గట్టిగా ముక్కితే బీపీ పడిపోయి టాయిలెట్‌లోనే స్పృహ తప్పొచ్చు. లోపల గడియ పెట్టుకోవద్దు, తలుపు దగ్గరికి వేసుకుని బయట ఒకరు ఉండాలి.

## 11. ఇవి ఉంటే బస్సు ఆపి హాస్పిటల్‌కే

- పొట్ట ఉబ్బిపోయి గ్యాస్ కూడా పోకపోవడం, వాంతులు
- తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం
- మలంలో రక్తం, తారులాగా నల్లగా (ఐరన్ మాత్ర వేసుకుంటే కూడా నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి)
- యూరిన్ ఎనిమిది గంటలు రాకపోవడం, లేదా వస్తున్నట్టుండి రాక పొత్తికడుపు నొప్పి
- కొత్తగా తికమక, మత్తు
- నాలుగు రోజులు దాటి మోషన్ లేకపోవడం, పై మందులకీ కదలకపోవడం

## 12. ఇంటికొచ్చాక

రాగానే అంతా మామూలైపోతుందనుకోవద్దు, లేచే టైం మళ్ళీ మారింది కదా, పేగు సర్దుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆపిన ఐరన్, కాల్షియం డాక్టర్ చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టండి, ఇది చాలామంది మర్చిపోతారు. బీపీ, షుగర్ ఒక మూడు రోజులు చూసి రాసుకోండి. వారం దాటినా మోషన్ అలవాటు తిరిగి రాకపోతే, బరువు తగ్గుతుంటే, దాన్ని యాత్ర మీదకి తోసేయకుండా చూపించుకోవాలి.

పెద్దమ్మ రెండో యాత్ర ఇదే లెక్కతో వెళ్ళింది. ఐదు రోజుల్లో మూడు రోజులు పొద్దున్నే అయింది, మూడో రోజు అవ్వలేదు, నాలుగో రోజు సాయంత్రం రూంలో అయింది, మందు ఏదీ వాడలేదు. గీతల బాటిల్ మాత్రం రెండో రోజే ఎక్కడో పోగొట్టుకుంది, మిగతా మూడు రోజులు మామూలు బాటిల్‌కి రబ్బర్ బ్యాండ్లు చుట్టి, ఒక్కో బ్యాండ్ దాకా తాగిందో లేదో పక్కావిడ చేత లెక్క చూపించుకుంది.